స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లెక్క: లైన్‌లోనే 16 లక్షల వాట్లు పోతున్నాయని వస్తోంది, ఎక్కడ తేడా?

కావలి ఎంపీసీ

అందరికీ నమస్కారం. నేను సీనియర్ ఇంటర్. మొన్నటి టెస్ట్‌లో వచ్చిన లెక్క ఇది, రెండు రోజులుగా తెగడం లేదు.

ఒక ఊరి దగ్గర స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాని ప్రైమరీకి 4400 వోల్టులు అందుతున్నాయి, అది 10.5 ఆంపియర్లు తీసుకుంటోంది. సెకండరీ నుంచి 220 వోల్టుల దగ్గర 200 ఆంపియర్లు ఊరికి పోతోంది. సబ్‌స్టేషన్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా 12 కిలోమీటర్లు, రెండు తీగల లైన్. ఒక్కో తీగ నిరోధం కిలోమీటరుకు 0.5 ఓమ్. పవర్ ఫ్యాక్టర్ 1 అనుకోమన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ దక్షత ఎంత, లైన్‌లో వృథా అయ్యే పవర్ ఎంత, సబ్‌స్టేషన్ దగ్గర వోల్టేజి ఎంత ఉండాలి అనేవి ప్రశ్నలు.

దక్షత వరకూ పర్వాలేదు, 95.2 శాతం వచ్చింది. లైన్ దగ్గరే చిక్కు. రెండు తీగలూ కలిపి 12 ఓమ్‌లు, V²/R వేస్తే 4400 × 4400 / 12, అంటే 16,13,333 వాట్లు. ఊరు మొత్తం వాడేది 44 కిలోవాట్లయితే దారిలో 1600 కిలోవాట్లు పోవడమేంటి? కీలో 1323 వాట్లు అని ఉంది. మా ఫ్రెండ్‌కి 1200 వచ్చింది. ముగ్గురికీ మూడు జవాబులు.

సర్క్యూట్ సుబ్బు

తమ్ముడూ, మీ ఫ్రెండే కరెక్ట్. 4400 నుంచి 220 అంటే రేషియో 20. సెకండరీలో 200 ఆంపియర్లుంటే ప్రైమరీలో 200/20, అంటే 10 ఆంపియర్లే ఉండాలి. లైన్‌లో పోయేది I²R. 10 × 10 × 12 = 1200 వాట్లు. ఆ 10.5 అన్నది అచ్చుతప్పు అయ్యుంటుంది, పేపర్ తయారుచేసిన వాళ్లు చూసుకోలేదు. మేము బీటెక్ ఫస్టియర్‌లో ఇలాంటివి బోలెడు చేశాం.

కావలి ఎంపీసీ

అన్నా, 10 వేస్తే దక్షత 100 శాతం వస్తోంది కదా? లెక్కలో మొదటి ప్రశ్నే దక్షత ఎంత అని. 100 అయితే అడగడమెందుకు?

సర్క్యూట్ సుబ్బు

అందుకే అచ్చుతప్పు అంటున్నా.

కందుకూరు ఫిజిక్స్

సుబ్బూ, అది అచ్చుతప్పు కాదమ్మా. లెక్కలో ప్రాణమే ఆ 10.5.

ముందు కావలి అబ్బాయి సందేహం. V²/R సూత్రంలో తప్పేమీ లేదు. అందులో పెట్టాల్సిన V ఏదన్నదే అసలు సంగతి. ఏ నిరోధంలో పవర్ పోతోందో, ఆ నిరోధం రెండు కొనల మధ్య ఉన్న వోల్టేజినే వేయాలి. 4400 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ రెండు టెర్మినళ్ల మధ్య ఉంది. లైన్ తీగ మొదలుకీ చివరకీ మధ్య లేదు. నువ్వు వేసిన లెక్కకి అర్థం ఏమిటో తెలుసా? ఊరికి ఏమీ ఇవ్వకుండా, ఆ 4400 వోల్టులనూ తెచ్చి నేరుగా 12 ఓమ్‌ల తీగ కొనలకు తగిలించడం. అంటే షార్ట్ సర్క్యూట్. అప్పుడు 366 ఆంపియర్లు పారుతుంది, 16 లక్షల వాట్లు పోవడం నిజమే.

మామూలుగా నడిచేటప్పుడు తీగలో పారేది 10.5 ఆంపియర్లు. 12 ఓమ్‌లలో అది పారితే తీగ పొడవునా పడిపోయే వోల్టేజి 10.5 × 12 = 126 వోల్టులు. ఇప్పుడు నీకు ఇష్టమైన సూత్రంలోనే ఆ 126 పెట్టి చూడు.

```
126 × 126 / 12    = 1323 W
10.5 × 10.5 × 12  = 1323 W
```

ఏ దారిన పోయినా ఒకే ఊరు చేరాం. పరీక్షలో అయోమయం వద్దనుకుంటే లైన్ నష్టానికి ఎప్పుడూ I²R వాడు. ఎందుకంటే ఆ తీగలో I ఎక్కడ చూసినా ఒకటే, V మాత్రం ఒక్కో చోట ఒక్కోటి. సబ్‌స్టేషన్ వోల్టేజి 4400 + 126, అంటే 4526.

ఇక సుబ్బు చెప్పిన 10. కరెంటు కూడా వోల్టేజి రేషియోలోనే మారుతుందన్నది నష్టాల్లేని ట్రాన్స్‌ఫార్మర్‌కి. లోపలికి వెళ్లిన పవర్, బయటికి వచ్చిన పవర్ సమానం అనుకున్నాకే ఆ రేషియో పుట్టింది. ఇక్కడ బయటికొచ్చేది 220 × 200 = 44,000 వాట్లు. లోపలికి వెళ్లేది 4400 × 10.5 = 46,200 వాట్లు. తేడా 2200 వాట్లు కోర్‌లోనూ చుట్లలోనూ వేడిగా పోతోంది. ఆ వేడికి కావాల్సిన పవర్ కూడా లైన్ మీదుగానే రావాలి. అదనపు అర ఆంపియర్ దాని కోసమే. దాంతో లైన్ నష్టం కూడా 1200 నుంచి 1323కి పెరిగింది. ట్రాన్స్‌ఫార్మర్ మంచిది కాకపోతే తన నష్టంతో ఆగదు, వెనకున్న 12 కిలోమీటర్ల తీగని కూడా కాస్త ఎక్కువ కాలుస్తుంది.

ఆ 2200లో కోర్ వాటా ఎంత, చుట్ల వాటా ఎంత అన్నది మాత్రం ఇచ్చిన అంకెలతో తేలదు. అడగలేదు కూడా.

సర్క్యూట్ సుబ్బు

ఓకే మేడమ్, 10.5 ఒప్పుకున్నా. మరి మొత్తం దక్షత? ట్రాన్స్‌ఫార్మర్ 95.24, లైన్ 97.22. రెండింటి సగటు 96.23 అనొచ్చా?

కందుకూరు ఫిజిక్స్

సగటు కాదు, గుణించాలి. లైన్ దాటి వచ్చిన దాంట్లోంచే ట్రాన్స్‌ఫార్మర్ తన వంతు తింటుంది. 0.9722 × 0.9524 = 0.926. సరిచూసుకోవాలంటే సబ్‌స్టేషన్ పంపింది 46,200 + 1323 = 47,523 వాట్లు, ఊరికి చేరింది 44,000. భాగిస్తే 92.6 శాతం. వరసగా రెండు ఉన్నప్పుడు మొత్తం దక్షత విడివిడి దక్షతల్లో చిన్నదాని కన్నా ఇంకా తక్కువే ఉండాలి. 96 వచ్చిందంటేనే ఎక్కడో తేడా కొట్టిందని అర్థం.

దర్శి లైన్లు

లైన్లు లాగేవాణ్ణి, నేనొక మాట చెప్తా. పుస్తకాల వాళ్లు ఈ రెండు తీగల లైన్ యాడ చూశారో తెలీదు. దర్శి నుంచి పొదిలి దాకా చూడండి, స్తంభం మీద మూడు తీగలుంటాయి. 11 కేవీ. తిరుగు తీగ ఉండదు. కాబట్టి నిరోధాన్ని రెండుతో కాదు, మూడుతో గుణించాలి. 18 ఓమ్‌లు వేస్తే 1984 వాట్లు. కీ కూడా తప్పే.

మాజీ ఏఈ, ఒంగోలు

మూడు అన్నంత వరకూ నిజం. కానీ దాన్ని ఈ లెక్కకి తగిలించకూడదు. ఇది సింగిల్ ఫేజ్ లెక్క, పోయే తీగ ఒకటి, వచ్చే తీగ ఒకటి. రెండింట్లోనూ 10.5 ఆంపియర్లే. మన 11 కేవీ లైన్‌లో మూడు తీగల్లో మూడు కరెంట్లు, సమానంగా ఉంటే తిరుగు తీగ అవసరమే ఉండదు. అందుకే నష్టం 3 × I² × ఒక తీగ నిరోధం. అయితే అదే లోడుకి త్రీఫేజ్‌లో ఒక్కో తీగ కరెంటు తగ్గిపోతుంది, పవర్‌ని √3 × V తో భాగిస్తాం కాబట్టి. నువ్వు సింగిల్ ఫేజ్ 10.5ని అలాగే ఉంచి, తీగలు మాత్రం మూడు చేశావు. సగం అక్కడిది, సగం ఇక్కడిది.

10.5ని √3తో భాగిస్తే 6.06. 3 × 6.06 × 6.06 × 6 = 661 వాట్లు. అదే తీగ, అదే వోల్టేజి, అదే లోడు. మూడో తీగ అదనంగా లాగినందుకు నష్టం సగానికి వచ్చింది.

దర్శి లైన్లు

సరే సార్. 4400 వోల్టుల లైన్ మాత్రం మన జిల్లాలో లేదు, అది ఒప్పుకోండి.

మాజీ ఏఈ, ఒంగోలు

ఒప్పుకున్నా.

అల్లూరు వెనామీ

సార్ వాళ్లకి నమస్తే. పిల్లల చదువుల మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. ఆ అబ్బాయి లెక్కలో ట్రాన్స్‌ఫార్మర్ దక్షత 95 అని వచ్చింది కదా, మా దానికీ 95 అనే చెప్పారు. అందుకే అడుగుతున్నా.

మాది అల్లూరు దగ్గర, వెనామీ రొయ్యల గుంటలు. సొంత 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, 11 కేవీ నుంచి 433 వోల్టులది. మీటరు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఉంది. అక్కడి నుంచి గుంటల దాకా మా సొంత స్తంభాల మీద లైన్ లాక్కున్నాం, 700 మీటర్లుంటుంది. రాత్రి పదహారు ఏరేటర్లు, రెండేసి హెచ్‌పీవి, అన్నీ తిరిగితే మోటార్లు మూలుగుతాయి. ఒక్కోసారి స్టార్టర్ పడిపోతుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే టైమ్‌లో అలా జరిగితే ఎంత టెన్షనో గుంట ఉన్నోళ్లకే తెలుసు. ట్రాన్స్‌ఫార్మర్లు అమ్మే అతను పగలొచ్చి మీటర్లు పెట్టి చూసి, మీ ట్రాన్స్‌ఫార్మర్ దక్షత 95కి పడిపోయింది, కరెంటంతా అదే తినేస్తోంది, తక్కువ నష్టం వచ్చే కొత్తది పెట్టండి అంటున్నాడు. పెట్టమంటారా?

సర్క్యూట్ సుబ్బు

95 అంటే తక్కువే అంకుల్. మార్చేయడమే మేలు.

మాజీ ఏఈ, ఒంగోలు

ఆగండి, డబ్బు ఖర్చు పెట్టకముందు నాలుగు అంకెలు కావాలి. రాత్రి ఏరేటర్లన్నీ తిరిగేటప్పుడు మీ ఎలక్ట్రీషియన్‌తో తీయించండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి మీటర్ బాక్సులో ఒక్కో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య వోల్టేజి, అదే సమయంలో గుంట దగ్గరి ప్యానెల్‌లో అవే మూడు వోల్టేజిలు. క్లాంప్ మీటర్‌తో మూడు ఫేజుల కరెంటు. మీటర్‌లో చూపించే పవర్ ఫ్యాక్టర్. తీగ ఏ రకమో కూడా. ట్రాన్స్‌ఫార్మర్‌తో వచ్చిన టెస్ట్ సర్టిఫికెట్ ఉంటే అందులో నో లోడ్ లాస్, లోడ్ లాస్ అని రెండు అంకెలుంటాయి, అవి కూడా రాయండి. స్తంభం ఎవరూ ఎక్కొద్దు, అన్నీ బాక్సుల్లోనే చూడొచ్చు.

అల్లూరు వెనామీ

తీయించాం సార్, ఇద్దరు ఫోన్లో మాట్లాడుకుంటూ ఒకేసారి చూశారు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మూడు ఫేజులూ 250. గుంట దగ్గర ఆర్ ఫేజు 210, వై 211, బి 205. కరెంటు మూడింట్లోనూ 60 ఆంపియర్లు. మీటర్‌లో పవర్ ఫ్యాక్టర్ 0.83. తీగ వీజిల్. సర్టిఫికెట్‌లో నో లోడ్ లాస్ 260 వాట్లు, లోడ్ లాస్ 1760 వాట్లు అని ఉంది.

మాజీ ఏఈ, ఒంగోలు

బాగా తీశారు. దీంతో చాలావరకు తేలిపోతుంది.

ముందు ట్రాన్స్‌ఫార్మర్. 260 వాట్లు అన్నది కోర్‌లో పోయేది. లోడు ఉన్నా లేకున్నా, ఛార్జ్‌లో ఉన్నంతసేపు పోతూనే ఉంటుంది. 1760 అన్నది నిండు లోడు మీద చుట్లలో పోయేది. అది లోడు వర్గాన్ని బట్టి మారుతుంది. రాత్రి మీరు తీసుకుంటున్నది 3 × 250 × 60, అంటే 45 కేవీఏ. 100లో 0.45 వంతు. 0.45 వర్గం 0.2025, దాంతో 1760ని గుణిస్తే 356 వాట్లు. 260తో కలిపితే 616. ట్రాన్స్‌ఫార్మర్ బయటికి ఇస్తున్నది 45 × 0.83, సుమారు 37.3 కిలోవాట్లు. దక్షత 98.4 శాతం. అదేమీ తక్కువ కాదు.

మరి 95 ఎక్కడి నుంచి వచ్చింది? అతను పగలు వచ్చాడన్నారు. పగలు మీకు ఏ రెండు మూడు మోటార్లో, మొత్తం 5 కిలోవాట్లో ఉంటుంది. అప్పుడు కోర్‌లో అదే 260, చుట్లలో ఓ ఆరేడు వాట్లు. 5000ని 5266తో భాగిస్తే 95 శాతం. శాతం పడిపోయింది గానీ పోతున్న వాట్లు రాత్రి కన్నా సగం లోపే. శాతాన్ని ఏ లోడు దగ్గర తీశారో చెప్పకుండా దక్షత చెప్తే దానికి అర్థం లేదు. ఇలాంటి ట్రాన్స్‌ఫార్మర్ దక్షత కోర్ నష్టం, చుట్ల నష్టం సమానమయ్యే దగ్గర, అంటే సుమారు 38 శాతం లోడు దగ్గర, అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది. మీ రాత్రి లోడు దానికి దగ్గరలోనే ఉంది.

ఇప్పుడు లైన్. వీజిల్ తీగ కిలోమీటరుకు సుమారు 0.93 ఓమ్. 700 మీటర్లకు 0.65.

```
3 × 60 × 60 × 0.65 = 7020 W
```

ఏడు కిలోవాట్లు. పంపుతున్న 37లో ఐదో వంతుకి దగ్గరగా 700 మీటర్ల తీగలోనే పోతోంది. మీటరు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉంది కాబట్టి ఆ ఏడూ మీ బిల్లులోనే. రాత్రి పది గంటలు తిరిగితే 70 యూనిట్లు స్తంభాల మీదే ఆవిరి. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెడితే ఆ 616లో కొంత మిగులుతుంది, ఏడువేలు అలాగే ఉంటాయి.

మోటార్ల మూలుగుకీ ఇదే కారణం. 250 బయల్దేరి 210 చేరుతోంది. మోటారుకి వోల్టేజి తగ్గితే అది పని తగ్గించుకోదు, కరెంటు పెంచుకుంటుంది. కరెంటు పెరిగితే తీగలో ఇంకాస్త వోల్టేజి పడుతుంది. చివరి ఏరేటరు ఆన్ చేసినప్పుడు స్టార్టర్ పడిపోయేది అందుకే.

ఇంకోటి, ఇది ముందు చూడండి. మూడు తీగల పొడవూ ఒకటే, కరెంటూ ఒకటే. బి ఫేజులో మాత్రం ఐదు వోల్టులు ఎక్కువ పడింది. తీగ అంతా బాగుంటే అలా పడదు. ఎక్కడో ఒక జాయింటు గానీ జంపరు గానీ వదులై ఉంటుంది. కనీసం 5 × 60 = 300 వాట్లు ఒకే చోట, ఇస్త్రీపెట్టె కాలినట్టు కాలుతోంది. లైన్‌మన్‌తో ఏబీ స్విచ్ తీయించి, సరఫరా ఆపించి, అప్పుడు మీ వాళ్లను చూడమనండి.

కావలి ఎంపీసీ

సార్, నా లెక్కలో 12 కిలోమీటర్ల లైన్‌లో 1323 వాట్లే పోయాయి. వీళ్లకి 700 మీటర్లలో ఏడువేలా!

కందుకూరు ఫిజిక్స్

అక్కడ 4400 వోల్టులు, 10.5 ఆంపియర్లు. ఇక్కడ 433 వోల్టులు, 60 ఆంపియర్లు. కరెంటు దాదాపు 5.7 రెట్లయితే వర్గం ముప్పై రెండు రెట్లు. తీగ చిన్నదైనంత మాత్రాన అది పూడదు. ట్రాన్స్‌ఫార్మర్‌ని సబ్‌స్టేషన్‌లో కాకుండా ఊరి దగ్గర ఎందుకు పెడతారని క్లాసులో అడిగితే ఎవరూ చెప్పరు. ఇదే జవాబు.

దర్శి లైన్లు

వెనామీ అన్నా, కెపాసిటర్ పెట్టించు, సగం సమస్య పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మీటర్ బాక్సు పక్కనే పెట్టేయొచ్చు, చవకలో అయిపోతుంది.

మాజీ ఏఈ, ఒంగోలు

కెపాసిటర్ మంచి సలహా, చోటే తప్పు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పెడితే మీటర్‌లో పవర్ ఫ్యాక్టర్ బాగుపడుతుంది గానీ 700 మీటర్ల తీగలో పారేది ఆ 60 ఆంపియర్లే. మోటార్లకు కావాల్సిన రియాక్టివ్ కరెంటు తీగ మీదుగానే పోతుంది కాబట్టి. గుంట దగ్గర పెట్టాలి. నష్టాలు పోగా గుంట దగ్గరికి చేరేది సుమారు 30 కిలోవాట్లు, అక్కడి పవర్ ఫ్యాక్టర్ 0.80. దాన్ని 0.95కి తెస్తే కరెంటు 50.5కి దిగుతుంది, లైన్ నష్టం ఐదు కిలోవాట్లకు వస్తుంది. వోల్టేజి కూడా కాస్త లేస్తుంది. ఇందుకు 12, 13 కేవీఏఆర్ కావాలి. దాన్ని ఒకే ముద్దగా కాకుండా మోటార్ల వెంబడే ఆన్, ఆఫ్ అయ్యేలా పంచి పెట్టించండి. లేకపోతే పగలు రెండు మోటార్లే తిరిగేటప్పుడు కెపాసిటర్ అంతా లైన్‌లోనే ఉండిపోయి వేరే తలనొప్పి తెస్తుంది.

అసలు మందు వేరే ఉంది. 11 కేవీని గుంటల దాకా లాగి, ట్రాన్స్‌ఫార్మర్‌ని అక్కడికి మార్చడం. మన రాష్ట్రంలో వ్యవసాయ మోటార్లకు హెచ్‌వీడీఎస్ అని పొలాల్లోనే చిన్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టింది ఈ లెక్కతోనే. మీ 45 కేవీఏకి 11 కేవీలో కరెంటు 2.36 ఆంపియర్లే. అది మోసినందుకు సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ఎనిమిది కిలోమీటర్ల ర్యాబిట్ తీగలో, కిలోమీటరుకు 0.55 ఓమ్ చొప్పున వేసినా, 74 వాట్లు. ఇంకో 700 మీటర్లు కలిస్తే ఆరేడు వాట్లు పెరుగుతుంది. షిఫ్టింగ్‌కి ఎస్టిమేట్ వేయించుకోండి.

దర్శి లైన్లు

సార్, కెపాసిటర్ చోటు సంగతి ఒప్పుకుంటా. కానీ ఈ 74 వాట్లు మాత్రం నమ్మను. ఆ ఫీడర్‌లో వెనామీ అన్న ఒక్కడే ఉన్నాడా? ఏటి వెంబడి ఆక్వా ఫీడర్లు రాత్రిపూట 80 ఆంపియర్లు కూడా లాగుతాయి. చివర్లో 80 ఆంపియర్లుంటే 3 × 80 × 80 × 4.4, ఇంచుమించు 84.5 కిలోవాట్లు ఆ తీగలో పోతాయి. అంత వేడెక్కిన తీగలో ఈయన 2.36 వేస్తే 74 వాట్లే అంటే ఎట్లా?

కావలి ఎంపీసీ

నేను వేసి చూశా. ఈయనతో కలిపి 80, ఈయన లేకపోతే 77.64. రెండు వర్గాల తేడా దాదాపు 372, దాన్ని 3 × 4.4, అంటే 13.2తో గుణిస్తే 4.9 కిలోవాట్లు వస్తోంది! 74 వాట్లు ఎక్కడ, 4900 ఎక్కడ?

సర్క్యూట్ సుబ్బు

సింపుల్. 80లో 2.36 ఎంత వంతో 84.5లో అంత వంతు తీసుకో. 2.5 కిలోవాట్లు. అదే ఈయన వాటా.

మాజీ ఏఈ, ఒంగోలు

దర్శి ఆయన పట్టుకున్నది సరైన చోటే. 74 అన్నది ఆ లైన్‌లో ఇంకెవరూ లేకపోతే వచ్చే అంకె. కరెంటు వర్గంలో పెరుగుతుంది కాబట్టి, ముందే నిండుగా ఉన్న లైన్‌లో కొత్తగా చేరే ఆంపియర్‌కి ఖరీదు ఎక్కువ. కాకపోతే మీరు లోడంతా చివర్లో పెట్టారు. దారి పొడవునా సమానంగా పంచి ఉంటే చివరి రైతు వల్ల వచ్చే తేడా 4.9లో సుమారు సగం ఉంటుంది. 80 ఆంపియర్లన్నది కూడా ఏదో ఒక రాత్రి అంకె. అయినా ఇది ఆయన షిఫ్టింగ్ లెక్కని మార్చదు. ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పుడున్న చోట ఉన్నా, గుంట దగ్గర ఉన్నా ఆ ఎనిమిది కిలోమీటర్ల మీద దాదాపు అదే కరెంటు. 433 వోల్టుల తీగలో పోయే ఏడు కిలోవాట్లు తగ్గితే ఇంకాస్త తక్కువే.

కందుకూరు ఫిజిక్స్

సుబ్బు వేసినట్టు వంతులేస్తే అందరి వాటాలూ కలిపి సరిగ్గా 84.5 అవుతాయి, అదొక సౌకర్యం. కావలి అబ్బాయి పద్ధతిలో ఒక్కొక్కరికీ తేడా తీసి అందరివీ కూడితే అసలు నష్టానికి ఇంచుమించు రెట్టింపు వస్తుంది. ఎవరు మానేస్తే ఎంత మిగులుతుంది అన్న ప్రశ్నకి మాత్రం అదే సరైన జవాబు. వాటా ఎంత అన్నది ఫిజిక్స్ ఒక్కటే తేల్చే ప్రశ్న కాదని నా ఉద్దేశం.

దర్శి లైన్లు

మేడమ్, తేడా పద్ధతే న్యాయం. చివర్న కూర్చుని అందరి తీగా వేడెక్కించేవాడు ఎక్కువ కట్టాలి.

అల్లూరు వెనామీ

అన్నా, సముద్రం చివర్నే ఉంటది. గుంటలు ఇంకెక్కడ తవ్వుకోమంటావు?

సార్, బి ఫేజు సంగతి. మధ్యలో స్తంభం దగ్గర జంపరు క్లాంపు వదులైంది, తీగ అక్కడ నల్లబడి పోగులు కొన్ని తెగి ఉన్నాయి. కోసేసి కొత్త క్లాంపు వేశారు. ఇప్పుడు బి కూడా 210 చూపిస్తోంది. మూలుగు మాత్రం అలాగే ఉంది, మీరు ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. కెపాసిటర్లకి ధర అడిగాను. షిఫ్టింగ్‌కి అర్జీ పెట్టాను, 11 కేవీ లైన్ పక్కవాళ్ల గుంట గట్టు మీదుగా రావాలి, వాళ్లు ఒప్పుకోవాలి.

సర్క్యూట్ సుబ్బు

వాళ్లు ఒప్పుకోకపోతే వీజిల్ తీసేసి ర్యాబిట్ వేయొచ్చు కదా? 0.55 × 0.7 = 0.385. 3 × 3600 × 0.385 = 4158 వాట్లు. కెపాసిటర్ కూడా కలిస్తే మూడు కిలోవాట్ల లోపే.

మాజీ ఏఈ, ఒంగోలు

ఈసారి లెక్క సరిగ్గా ఉంది సుబ్బూ. ర్యాబిట్ బరువెక్కువ, ఆ స్తంభాలూ వాటి మధ్య దూరమూ దాన్ని మోస్తాయా అన్నది చూడాలి. వెనామీ గారూ, స్తంభాలు సిమెంటువా, ఇనుపవా? ఎంతెంత దూరంలో ఉన్నాయి?

అల్లూరు వెనామీ

కొన్ని సిమెంటువి, కొన్ని పాత ఇనుప పైపులు. దూరాలు రేపు టేపు పెట్టి కొలిచి రాస్తా.